పల్లీ చిక్కీ ఒక్క ముక్కలో ఎంత ప్రోటీన్, ఎంత బెల్లం? పల్లీలు, బెల్లం విడిగా తింటే తేడా ఏమిటి?

> "జిమ్‌కి వెళ్తున్నాను. సాయంత్రం స్నాక్‌గా పల్లీ చిక్కీ తింటే ప్రోటీన్ బాగా వస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. యాప్‌లో ఒకచోట ముక్కకి 90 కేలరీలు అని, ఇంకోచోట 150 అని ఉంది. ఏది నమ్మాలి? దీని బదులు వేయించిన పల్లీలు, చిన్న బెల్లం ముక్క తింటే మంచిదా? 100 గ్రాములకి, ముక్కకి విడివిడిగా లెక్క చెప్పగలరా? నాన్నగారికి షుగర్ బోర్డర్‌లో ఉంది, ఆయన కూడా ఇంట్లో చిక్కీయే తింటున్నారు."

మీ యాప్‌లో కనిపించిన రెండు అంకెలూ నిజమే కావచ్చు. 17 గ్రాముల ముక్క అయితే సుమారు 90 కేలరీలు వస్తాయి, 29 గ్రాముల ముక్క అయితే 150 వస్తాయి. గొడవంతా "ముక్క" అనే మాటతోనే. ఇంట్లో కోసిన ముక్క ఒక సైజు, కిరాణా కొట్టు సీసాలో ఉండే గుండ్రటి బిళ్ళ ఇంకో సైజు, ప్యాకెట్‌లో వచ్చే పొడుగు పట్టీ మరో సైజు. అందుకే ముందు 100 గ్రాముల లెక్క తెలుసుకుని, తర్వాత మీ చేతిలో ఉన్న ముక్కను తూకం వేసుకోండి. చిన్న షాపులకి, ఇంటి దగ్గర తినుబండారాలు చేసి అమ్మేవాళ్లకి ప్యాకెట్ మీద వేసే పోషకాల లెక్కలు రాసిపెట్టడం చాలా ఏళ్లుగా నా పని. చిక్కీ లెక్క ఎన్నిసార్లు వేశానో గుర్తు లేదు. కాబట్టి వరసగా చెబుతాను.

మొదట విడి సరుకుల సంగతి. నూనె, ఉప్పు లేకుండా వేయించిన పల్లీలు 100 గ్రాముల్లో సుమారు 25 గ్రాముల ప్రోటీన్, 49 గ్రాముల కొవ్వు, 12 గ్రాముల పిండిపదార్థం, 8 గ్రాముల పీచు ఉంటాయి. కేలరీలు దగ్గర దగ్గర 590. ఇక్కడే యాప్‌ల మధ్య మొదటి తేడా వస్తుంది. కొన్ని యాప్‌లు పీచును కూడా కార్బ్స్‌లో కలిపి 20, 21 అని చూపిస్తాయి. కొన్ని పీచు తీసేసి 12 అని చూపిస్తాయి. రెండూ ఒకే పల్లీల గురించే చెబుతున్నాయి. నేను కింద వేసే లెక్కలన్నిట్లో పీచును పక్కన పెట్టాను, మీరు పోల్చుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి. పల్లీ రకాన్ని బట్టి, పంట పండిన తీరును బట్టి నూనె శాతం అటూ ఇటూ అవుతుంది. అనంతపురం వైపు వేసే కదిరి-6 పల్లీకి, ఇంకో రకానికి అంకెలు అచ్చంగా ఒకేలా రావు. ఇంటి లెక్కకి మాత్రం పైన చెప్పినవి చాలు.

బెల్లం సంగతి ఇంకా తేలిక. 100 గ్రాముల్లో 92 గ్రాముల దాకా చక్కెరే. ప్రోటీన్ లేదనే అనుకోవచ్చు, కొవ్వు అసలు లేదు. మిగిలినది కొంచెం తేమ, కొంచెం ఖనిజ లవణాలు. కేలరీలు సుమారు 370. అనకాపల్లి బెల్లమైనా, మీ ఊరి సంతలో దొరికే బెల్లమైనా ఈ అంకెలు పెద్దగా మారవు. రంగు, రుచి, తేమ మారుతాయి. మెత్తగా, చెమ్మగా ఉండే బెల్లంలో నీరు ఎక్కువ కాబట్టి చక్కెర ఆ మేరకు కాస్త తగ్గుతుంది, అంతే.

ఇప్పుడు చిక్కీ. పల్లీలు, బెల్లం కలిపి పొయ్యి మీద పెట్టినంత మాత్రాన కొత్త పోషకాలు పుట్టవు, ఉన్నవి పెద్దగా పోవు. చిక్కీ అంటే పల్లీల లెక్క, బెల్లం లెక్క, పళ్ళేనికి రాసిన నెయ్యి లెక్క కలిపి, చివరి బరువుతో భాగించడమే. ఆ చివరి బరువు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. మా ఇంట్లో మామూలుగా చేసే కొలతతో ఒకసారి మొత్తం చేసి చూపిస్తాను.

220 గ్రాముల పచ్చి పల్లీలను మూకుట్లో సన్నటి సెగ మీద పన్నెండు, పదిహేను నిమిషాలు వేయించాను. చల్లారాక రెండు చేతుల మధ్య నలిపి, చేటలో చెరిగి, పొట్టు పోయాక మళ్ళీ తూకం వేస్తే 200 గ్రాములు ఉన్నాయి. ఆ 20 గ్రాములు ఎక్కడికి పోయాయంటే, సగం పైగా తేమ, మిగతాది పొట్టు, ఏరేసిన రెండు మూడు పాడు గింజలు. మీరు యాప్‌లో "వేయించిన పల్లీలు" అని ఎంచుకుని పచ్చి బరువు 220 కొట్టారనుకోండి, ఉత్తినే దాదాపు 120 కేలరీలు ఎక్కువ చూపిస్తుంది. వేయించాక తూచితే వేయించిన పల్లీల అంకె వాడాలి, పచ్చివి తూచితే పచ్చి పల్లీల అంకె వాడాలి.

బెల్లం 150 గ్రాములు. తురిమి, మూడు నాలుగు చెంచాల నీళ్ళు పోసి కరిగించి, వడకట్టాను. వడకట్టడం ఎందుకంటే బెల్లంలో ఇసుక, చెరకు పీచు వస్తాయి, పంటి కింద పడతాయి. తర్వాత మళ్ళీ పొయ్యి మీద పెట్టి ముదురు పాకం వచ్చేదాకా కలుపుతూ ఉండాలి. పాకం వచ్చిందో లేదో చూడటానికి చిన్న పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి ఒక చుక్క వేస్తాం. ఉండ చుట్టినప్పుడు మెత్తగా నొక్కుకుపోతే అది ఇంకా అరిసెల పాకమే. ఆ ఉండను పళ్ళెం మీద వేస్తే "టంగ్" మని మోగాలి, విరిస్తే సాగకుండా టప్‌మని విరగాలి. అప్పుడు పల్లీ బద్దలు వేసి, గబగబా కలిపి, ఒక చెంచా నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, అప్పడాల కర్రతో పరిచి, వేడిగా ఉండగానే గాట్లు పెట్టాలి. ఒక్క రెండు నిమిషాలు ఆలస్యమైతే గాటు పడదు, ముక్కలు వంకరటింకరగా విరుగుతాయి. ఈ వంకరటింకర ముక్కల సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

చల్లారాక మొత్తం తూకం వేస్తే 345 గ్రాములు ఉంది. 200 పల్లీలు, 150 బెల్లం, 5 నెయ్యి కలిపితే 355 కావాలి కదా, 10 గ్రాములు తగ్గింది. మనం పోసిన నీళ్ళు ఎలాగూ ఆవిరయ్యాయి. వాటితో పాటు బెల్లంలో సొంతంగా ఉన్న తేమ కూడా చాలావరకు పోయింది. ఇంకొంచెం పాకం గిన్నెకి, గరిటెకి అంటుకుపోయింది.

ఇక కూడిక. 200 గ్రాముల పల్లీల నుంచి 50 గ్రాముల ప్రోటీన్, 98 గ్రాముల కొవ్వు, 24 గ్రాముల పిండిపదార్థం, 1,180 కేలరీలు. 150 గ్రాముల బెల్లం నుంచి 138 గ్రాముల చక్కెర, 555 కేలరీలు. నెయ్యి నుంచి 5 గ్రాముల కొవ్వు, 45 కేలరీలు. మొత్తం 1,780 కేలరీలు. దీన్ని 345తో భాగించి వందతో గుణిస్తే వచ్చేది ఇది:

| 100 గ్రాములకి | కేలరీలు | ప్రోటీన్ | కొవ్వు | పిండిపదార్థం |
|---|---|---|---|---|
| వేయించిన పల్లీలు | 590 | 25 గ్రా. | 49 గ్రా. | 12 గ్రా. |
| బెల్లం | 370 | దాదాపు సున్నా | సున్నా | 92 గ్రా. |
| ఈ ఇంటి చిక్కీ | 515 | 14.5 గ్రా. | 30 గ్రా. | 47 గ్రా. |

చిక్కీ వరసలోని 47 గ్రాముల పిండిపదార్థంలో 40 గ్రాములు బెల్లం నుంచి వచ్చిన చక్కెర, 7 గ్రాములు పల్లీలవి.

అదే పళ్ళేన్ని 20 ముక్కలు చేశాం. అంటే ముక్కకి 17 గ్రాములు. ఒక ముక్కలో సుమారు 90 కేలరీలు, రెండున్నర గ్రాముల ప్రోటీన్, 5 గ్రాముల కొవ్వు, 8 గ్రాముల పిండిపదార్థం. ఆ 8లో 7 గ్రాములు బెల్లమే, అంటే దాదాపు ఒకటిన్నర టీస్పూన్ల చక్కెర తిన్నట్టే. మీ యాప్‌లో మొదట కనిపించిన 90 ఈ సైజు ముక్కదే అయి ఉంటుంది.

పైన పట్టికలో చాలామంది గమనించని విషయం ఒకటుంది. వంద గ్రాముల లెక్కలో చూస్తే చిక్కీలో కేలరీలు ఉత్త పల్లీల కంటే తక్కువ. బెల్లం కలిపితే కేలరీలు పెరగాలి కదా అని నన్ను ఎంతోమంది అడిగారు. పల్లీలో సగం నూనె. నూనె గ్రాముకి 9 కేలరీలు ఇస్తుంది, చక్కెర గ్రాముకి 4 ఇస్తుంది. కాబట్టి కొంత పల్లీ తీసేసి ఆ చోట బెల్లం పెడితే అదే బరువులో కేలరీలు తగ్గుతాయి. దీన్ని చూసి "చిక్కీ లైట్" అనుకుంటే మోసపోతాం. తగ్గిన కేలరీల కంటే ప్రోటీన్ ఎక్కువ తగ్గింది. 590 నుంచి 515 అంటే ఎనిమిదో వంతు తగ్గింది. ప్రోటీన్ 25 నుంచి 14.5కి పడింది, అంటే సగానికి దగ్గరగా.

మీరు జిమ్ కోసం అడుగుతున్నారు కాబట్టి వంద గ్రాముల లెక్క కన్నా వంద కేలరీల లెక్క మీకు ఎక్కువ పనికొస్తుంది. వేయించిన పల్లీల్లో ప్రతి 100 కేలరీలకి 4.2 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. చిక్కీలో 2.8 వస్తుంది. ఒక కోడిగుడ్డులో ఉండే 6 గ్రాముల ప్రోటీన్ కావాలంటే పల్లీలు 24 గ్రాములు తినాలి, అది 140 కేలరీలు. చిక్కీ అయితే 41 గ్రాములు తినాలి, అంటే మా ముక్కలు రెండున్నర, 210 కేలరీలు. గుడ్డు అయితే 75 కేలరీల లోపే అయిపోతుంది. చిక్కీలో ప్రోటీన్ ఉంది, ఆ మాట నిజం. దాన్ని ప్రోటీన్ కోసం తినే వస్తువు అనడం మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ మాటకొస్తే ఉత్త పల్లీలు కూడా ముందు కొవ్వు ఇచ్చే వస్తువే, ప్రోటీన్ తర్వాతే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, పల్లీలు, బెల్లం ముక్క విడిగా తినడం. ఒకే నిష్పత్తిలో తింటే తేడా ఏమీ ఉండదు. 200కి 150 లెక్కన పల్లీలు, బెల్లం నోట్లో కలుపుకుని తిన్నా అదే చిక్కీ. తేడా ఎక్కడొస్తుందంటే, చేత్తో తినేటప్పుడు ఎవరూ అంత బెల్లం తినరు. నేను ఒకసారి మా ఇంట్లో వాళ్లందరినీ మామూలుగా ఎలా తింటారో అలాగే తీసుకోమని, గిన్నెల్లో వేసి తూకం వేశాను. గుప్పెడు పల్లీలు 30 గ్రాముల దగ్గర వచ్చాయి, పక్కన పెట్టుకున్న బెల్లం ముక్క 10 గ్రాములు మించలేదు. పెద్దవాళ్ల చేతిలో అయితే ఇంకా తక్కువ. నాలుగు పల్లీలకి ఒకసారి కొసరుగా కొరుక్కుంటారు, అంతే.

ఆ 40 గ్రాముల్లో 215 కేలరీలు, ఏడున్నర గ్రాముల ప్రోటీన్, సుమారు 15 గ్రాముల కొవ్వు, 13 గ్రాముల పిండిపదార్థం ఉన్నాయి. అదే బరువు చిక్కీ తింటే 205 కేలరీలు, 5.8 గ్రాముల ప్రోటీన్, 12 గ్రాముల కొవ్వు, 19 గ్రాముల పిండిపదార్థం. కేలరీలు దాదాపు సమానం. బెల్లం చక్కెర మాత్రం విడిగా తిన్నప్పుడు 9 గ్రాములు, చిక్కీలో 16 గ్రాములు. చిక్కీలో బెల్లం రుచి కోసం మాత్రమే కాదు, జిగురు కోసం కూడా వేస్తాం. ముక్క విడిపోకుండా నిలబడాలంటే ఇంత బెల్లం పడాల్సిందే, మనకి తినాలని ఉన్నా లేకపోయినా.

మరి బెల్లం తగ్గించి చేయకూడదా అంటే, కొంతవరకు చేయొచ్చు. 200 గ్రాముల పల్లీలకి 100 గ్రాముల బెల్లంతో చేశాను. గింజలు నిండుగా వేస్తే నిలవలేదు, కోసేటప్పుడే రాలిపోయింది. పల్లీలను రోట్లో కచ్చాపచ్చాగా దంచి, పాకం సరిగ్గా ముదిరాక కలిపి, పలచగా గట్టిగా నొక్కితే నిలిచింది. అలా చేసినదాంట్లో వందకి దాదాపు 17 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. అంతకంటే తగ్గిస్తే పట్టీ కాదు, పొడి అవుతుంది.

రెండో వైపు కూడా చూడండి, ఇది ఎక్కువ మంది ఇళ్లలో జరిగేది. "ఒక కప్పు పల్లీలు, ఒక కప్పు బెల్లం" అని చెప్పే వంటలు చాలా ఉన్నాయి. కప్పు పల్లీలు 145 గ్రాములు తూగుతాయి. అదే కప్పులో బెల్లం తురుము అదిమి నింపితే 190 గ్రాముల దాకా తూగుతుంది. చూడటానికి సగం సగం, తూకంలో బెల్లమే ఎక్కువ. ఆ కొలతతో చేసిన చిక్కీలో వంద గ్రాములకి ప్రోటీన్ 11 గ్రాములకి పడిపోతుంది, చక్కెర 50 గ్రాములు దాటుతుంది, కేలరీలు 485 దగ్గర ఉంటాయి. కాబట్టి మీ ఇంట్లో చేసేది కప్పు కొలతో, తూకం కొలతో అమ్మనడిగి తెలుసుకోండి. కప్పు కొలత అయితే నా పట్టిక మీ చిక్కీకి పనికిరాదు, ఈ అంకెలు వాడాలి.

పాకం గురించి ఇంకో మాట, ఎందుకంటే ఇది కూడా అంకెల్ని తిప్పుతుంది. పాకం కాస్త ముందే దించేస్తే అందులో నీరు మిగులుతుంది. చిక్కీ పళ్ళకి అతుక్కుంటుంది, డబ్బాలో రెండు రోజులకే ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి. అలా తేమ మిగిలిన చిక్కీ తూకంలో మొత్తం 355 వచ్చిందనుకోండి. లోపల ఉన్న పల్లీలు, బెల్లం అవే, కేలరీలు అవే 1,780. వంద గ్రాముల లెక్క మాత్రం 515 నుంచి 500కి దిగుతుంది. దాన్ని 20 ముక్కలు చేస్తే ముక్కకి ఎప్పటిలాగే 89. అందుకే ఇంట్లో చేసినప్పుడు నేను చెప్పేది, వేసిన సరుకుల మొత్తం కేలరీలు రాసుకుని, చివరి తూకం కూడా రాసుకోండి. ముక్కలు సమానంగా వస్తే ముక్కల సంఖ్యతో భాగించండి. వంకరటింకరగా విరిగితే గ్రాముల లెక్కనే నమ్మండి. మా పళ్ళెంలోనే అంచు ముక్క 11 గ్రాములు, మధ్యలో మందంగా ఉన్నది 23 గ్రాములు తూగాయి. రెండూ "ఒక ముక్కే". ఒకదాంట్లో 57 కేలరీలు, ఇంకోదాంట్లో 118.

కొనే చిక్కీ విషయానికొద్దాం. ప్యాకెట్ వెనక ముందుగా పదార్థాల వరస చదవండి. మన దేశంలో నిబంధన ప్రకారం ఎక్కువ బరువు ఉన్న పదార్థం ముందు రాయాలి. మొదటి మాట బెల్లం అయితే అది పల్లీ చిక్కీ అనే పేరున్న బెల్లం. పల్లీలు మొదట ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. బెల్లం ఒకటి, చక్కెర ఒకటి, లిక్విడ్ గ్లూకోజ్ ఒకటి అని మూడుగా రాస్తే, విడివిడిగా ఒక్కొక్కటీ పల్లీల కంటే తక్కువ ఉంటుంది, కలిపితే ఎక్కువ అయిపోతుంది. లిక్విడ్ గ్లూకోజ్ వేసేది పాకం గడ్డ కట్టి పలుకులు కాకుండా, ముక్క నున్నగా రావడానికి. అదేమీ కల్తీ కాదు, కానీ లెక్కలో అది కూడా చక్కెరే.

తర్వాత పోషకాల పట్టికలో వంద గ్రాముల వరసలో ప్రోటీన్ చూడండి. దాన్ని 25తో భాగిస్తే ఆ చిక్కీలో పల్లీలు ఎంత భాగమో తెలిసిపోతుంది, ఎందుకంటే బెల్లం నుంచి ప్రోటీన్ రాదు. 12 గ్రాములు అని ఉంటే 12ను 25తో భాగిస్తే 0.48, అంటే పల్లీలు 48 శాతం. దీన్ని సరిచూసుకోవడానికి కొవ్వును 49తో భాగించండి. కొవ్వు 24 అని ఉంటే 0.49 వస్తుంది. రెండూ దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఆ లేబుల్ నమ్మదగ్గదే. కొవ్వు నుంచి వచ్చిన భాగం ప్రోటీన్ నుంచి వచ్చినదానికన్నా బాగా ఎక్కువ ఉంటే నెయ్యో, వనస్పతో, నూనో బాగా కలిపారని అర్థం. ప్రోటీన్ నుంచి వచ్చిన భాగమే బాగా ఎక్కువ ఉంటే వేరే ప్రోటీన్ పొడి ఏదో కలిపి ఉండాలి, లేదా లేబుల్ తప్పై ఉండాలి. నా దగ్గరికి ఒకసారి ఒక చిన్న యూనిట్ వాళ్లు పాత లేబుల్ తెచ్చారు. దాంట్లో ప్రోటీన్ 24, కొవ్వు 28, కార్బ్స్ 45 అని ఉంది. ప్రోటీన్ లెక్కన చూస్తే 96 శాతం పల్లీలు, కొవ్వు లెక్కన 57 శాతం, ఇంక 45 గ్రాముల కార్బ్స్‌కి చోటెక్కడిది? ఎవరో ఉత్త పల్లీల ప్రోటీన్ అంకెను ఎత్తి చిక్కీకి రాసేశారు. వాళ్ల సరుకుల తూకం అడిగి మళ్ళీ వేస్తే ప్రోటీన్ 14 వచ్చింది. కొనేవాళ్లలో ఎంతమంది ఆ 24 చూసి జిమ్ బ్యాగ్‌లో వేసుకున్నారో అని నాకు బాధ వేసింది.

ప్యాకెట్ మీద ఒక్కో సర్వింగ్‌కి రాసిన అంకె చూసేటప్పుడు సర్వింగ్ ఎన్ని గ్రాములో కూడా చూడండి. పట్టీ 40 గ్రాములు ఉండి, సర్వింగ్ 20 గ్రాములు అని ఉంటే, మీరు పట్టీ మొత్తం తిన్నప్పుడు ఆ అంకెని రెట్టింపు చేసుకోవాలి. తూకం లేకుండా సీసాలో అమ్మే బిళ్ళలకైతే లేబులే ఉండదు. పది బిళ్ళలు కొని కలిపి తూచి పదితో భాగించండి, ఒక్కొక్కటి తూచితే ఇంట్లోని తూకం చిన్న బరువులకి తప్పు చూపిస్తుంది.

నాన్నగారి విషయం. "బెల్లమే కదా, చక్కెర కాదు కదా" అని ఆయన తింటుంటే ఆ మాట సరిదిద్దండి. రక్తంలో షుగర్ పెరగడానికి సంబంధించినంతవరకు బెల్లాన్ని చక్కెరలాగే లెక్కపెట్టాలి. పల్లీల కొవ్వు, పీచు, ప్రోటీన్ వల్ల చిక్కీ తిన్నాక షుగర్ ఉత్త బెల్లం తిన్నంత వేగంగా పెరగకపోవచ్చు, కానీ మూడు ముక్కలు తింటే 20 గ్రాముల పైన బెల్లం లోపలికి వెళ్లినట్టే. ఇనుము కోసం బెల్లం తినాలనే మాట కూడా ఇళ్లలో వింటాం. ముక్కలో ఉన్న 7 గ్రాముల బెల్లం నుంచి వచ్చే ఇనుము చాలా కొద్దిగా ఉంటుంది, దానికోసం చక్కెర తినక్కర్లేదు. ఆయనకి సాయంత్రం పొట్టుతో సహా వేయించిన పల్లీలు 25 గ్రాములు గిన్నెలో కొలిచి పెట్టండి. అందులో 3 గ్రాముల పిండిపదార్థమే ఉంటుంది, 6 గ్రాముల ప్రోటీన్ వస్తుంది, కేలరీలు 150 లోపు. గిన్నెలో కొలిచి పెట్టమని ఎందుకంటున్నానంటే, డబ్బా పక్కన పెట్టుకుని తింటే టీవీ చూస్తూ 80 గ్రాములు ఇట్టే అయిపోతాయి, అది 470 కేలరీలు. చిక్కీకి ఉన్న ఒక్క మంచి గుణం ఇదే, ముక్క అయిపోయిందని కంటికి కనిపిస్తుంది. ఎంత పిండిపదార్థం వరకు ఫర్వాలేదనేది ఆయన డాక్టర్‌గారిని అడిగి పెట్టుకోండి.

మీ విషయానికొస్తే, జిమ్‌కి వెళ్లడానికి ముప్పావుగంట, గంట ముందు ఒక ముక్క చిక్కీ తినడం నాకు బాగానే అనిపిస్తుంది. 7 గ్రాముల బెల్లం అప్పుడు ఖర్చయిపోతుంది, పొట్ట బరువుగా ఉండదు. రెండు మూడు ముక్కలు తింటే కొవ్వు 10, 15 గ్రాములు దాటి, పరిగెత్తేటప్పుడు కడుపులో బరువు తెలుస్తుంది. జిమ్ అయ్యాక ప్రోటీన్ కోసమైతే గుడ్లు, పెరుగు, ఉడికించిన శనగలు, పప్పు చూడండి. యాప్‌లో చిక్కీ రాసేటప్పుడు "ఒక ముక్క" అనే ఆప్షన్ వదిలేసి, గ్రాములు ఎంచుకుని, ఇంటి చిక్కీకి గ్రాముకి 5.15 కేలరీలు, 0.145 గ్రాముల ప్రోటీన్ చొప్పున మీ సొంత ఎంట్రీ ఒకటి చేసి పెట్టుకోండి. మీ ఇంట్లో పల్లీలు, బెల్లం ఎంతెంత వేస్తారో, చల్లారాక చివరి తూకం ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తే మీ చిక్కీకి సరిపోయే అంకెలు నేనే లెక్కవేసి పెడతాను.